సెలూన్‌లో ఇద్దరు సీనియర్ల గొడవ తీర్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది - నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా సెలూన్ పెట్టి తొమ్మిదేళ్లయింది. రెండు నెలలుగా నన్ను నిద్రపోనివ్వని గొడవ ఒకటి ఈ వారమే ఓ కొలిక్కొచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఇద్దరూ మొదటి రోజు నుంచీ నాతో ఉన్నవాళ్లే. ఒకాయన అనంతపురం నుంచి వచ్చిన కటింగ్ మాస్టర్, ఇంకొకరు కలర్ చూసే అక్క. ముందు మాటలు మానేశారు, తర్వాత అసిస్టెంట్ పిల్లని ఒకరు పిలిస్తే ఇంకొకరు వేరే పని చెప్పడం మొదలుపెట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. కుర్చీలో కూర్చున్నవాళ్లతోనే "ఇదెవరు చేశారండీ మీకు?" అనడం మొదలైంది. సెలూన్‌లో ఇంతకన్నా విషం లేదు, చేసింది కూడా మా షాపే కదా.

ఆ శనివారం సంగతి చెప్పాలి. మాకు అయిదేళ్లుగా వస్తున్న నెల్లూరు ఆంటీ ఒకరున్నారు, తెల్లజుట్టు సగానికి పైనే. ముందు వారం ఆవిడకి పెళ్లికి వెళ్లే తొందర, అక్క సెలవులో ఉంది, మాస్టరే రూట్ టచప్ చేశాడు. ఆవిడ ఫార్ములా అక్క సొంత నోట్‌బుక్‌లో ఉంది, ఆ నోట్‌బుక్ అక్క బ్యాగ్‌లో ఉంది. ఆయన పాత జుట్టు రంగు చూసి అందాజాగా 5.3 నంబర్ గోల్డెన్ షేడ్ ఒక్కటే కలిపేశాడు. తెల్లజుట్టు ఎక్కువున్నప్పుడు సగం మామూలు బ్రౌన్ 5, సగం 5.3 కలపాలి, ఒట్టి గోల్డెన్ షేడ్ వేస్తే తెల్ల వెంట్రుకలు రాగి తీగల్లా మెరుస్తాయి. అదే జరిగింది. ఆవిడ పెళ్లి ఫొటోలన్నీ పాపిట దగ్గర ఎర్రగా వచ్చాయట.

సరిచేయించుకోడానికి ఆ శనివారం వచ్చారు. షాపు నిండా జనం. అక్క పాపిట తీసి అందరికీ వినపడేలా "కలర్ రానివాళ్లు బ్రష్ ముట్టుకోకూడదు" అంది. మాస్టర్ కత్తెర పక్కన పడేసి "బుక్ దాచుకున్నదెవరు?" అని వచ్చాడు. ఇద్దరూ ఆవిడ తల మీదుగా అరుచుకుంటున్నారు, కలర్ పూసింది సగమే, గిన్నెలో మిగతాది నల్లబడుతోంది. ఆంటీ మెడకున్న కేప్ విప్పేసి లేచి నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నేను డబ్బులిచ్చేది తల చూపించడానికి, మీ పోట్లాట వినడానికి కాదు" అన్నారు. ఎదురుగా ఆరుగురు కస్టమర్లు. నా నోట మాట రాలేదు. నేనే బేసిన్ దగ్గరికి తీసుకెళ్లి కడిగాను, చేతులు వణికాయి. మళ్లీ నేనే కొత్తగా కలిపి పూసి పంపించాను. ఆ పని నాకింకా చేతనవును, అది ఆ రోజు నన్ను కాపాడింది.

ఆ రాత్రి షాపు మూశాక ఇద్దర్నీ జూనియర్ల ముందే నిలబెట్టి తిట్టాను. ఇది మాత్రం ఎవరూ చేయకండి. ఇద్దరూ రాజీనామా మాట ఎత్తారు. ఆఫీసు ఉద్యోగం చేసే బంధువు ఒకాయన ఇద్దరికీ వార్నింగ్ లెటర్ ఇవ్వమన్నాడు. సీనియర్ వెళ్తే వెనకే కస్టమర్లూ వెళ్తారని కాగితాలు రాసేవాళ్లకేం తెలుసు?

మంగళవారం మాకు ఖాళీ, ఆ రోజు జుట్టు తీయించుకునేవాళ్లు తక్కువ. విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు, ఆఖరికి "వాళ్లు పాడుచేసింది నేను రెండు గంటలు కూర్చుని బాగుచేస్తే నాకొచ్చేది సున్నా కదా మేడం" అంది. అప్పుడు తెలిసింది. మా దగ్గర రీడూ, అంటే బాగా రాని పనిని మళ్లీ చేయడం, ఫ్రీ, బిల్లు సున్నా కాబట్టి బిల్లు మీద ఇచ్చే కమిషన్ కూడా సున్నా. మొదటిసారి చేసినాయనకి మాత్రం కమిషన్ వచ్చేసింది. ఆ రూల్ పెట్టింది నేనే. మాస్టర్ బాధ వేరే, "బుక్ చూపించి ఉంటే తప్పెందుకు చేస్తాను మేడం" అన్నాడు. అదీ నిజమే.

ఆ తర్వాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టాను, అరగంటలో అయిపోయింది. కలర్ ఫార్ములాలు ఇకనుంచి షాపువి. ప్రతి కస్టమర్‌కీ ఒక కార్డు, అందులో షేడ్, డెవలపర్, ఎంతసేపు ఉంచారన్నది, కౌంటర్ డ్రాయర్‌లో ఉంటుంది. రీడూ ఎవరు చేసినా వాళ్లకి మామూలు కమిషన్ నేనిస్తాను, మొదట చేసినవాళ్ల దగ్గర కోయను, కోస్తే తప్పులు దాచేస్తారు. ఒకరు సెలవులో ఉన్నప్పుడు వాళ్ల కస్టమర్‌ని ఇంకొకరు చేస్తే ఆ రోజు కమిషన్ చేసినవాళ్లది, తర్వాతి అపాయింట్‌మెంట్ మళ్లీ పాతవాళ్లకే. కుర్చీ దగ్గర పాత పని గురించి ఒక్క మాట కూడా అనకూడదు, ఏమైనా ఉంటే ప్యాంట్రీలోకి వచ్చి చెప్పుకోవాలి.

అక్క నోట్‌బుక్ నుంచి కార్డులకి ఎక్కించడానికే నాలుగు రోజులు పట్టింది. ఇద్దరూ ఇప్పటికీ కలిసి టీ తాగరు, అది నేను అడగను కూడా. నిన్న ఆంటీ ఫోన్ చేసి వచ్చే నెలకి టైం అడిగారు. మాస్టర్ వెళ్లి ఆవిడ కార్డు తీసి అక్క ముందు పెట్టి ఏం మాట్లాడకుండా వచ్చేశాడు.