కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ ఎత్తలేదు

మాది కళింగపట్నం. ఉద్యోగం శ్రీకాకుళంలో. ఆ దారిలోనే రోజూ నా బండి నడుస్తుంది. వేసవిలో ఒక ఉదయం సెల్ఫ్ నొక్కితే టక్‌టక్‌మని రిలే శబ్దం తప్ప ఇంజన్ తిరగలేదు. కిక్ కొడితే మాత్రం ఒక్కసారికే అందుకుంది. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. మూడు వారాలకు మళ్ళీ అదే శబ్దం!

ఈసారి పట్టణంలో ఎలక్ట్రికల్ పని మాత్రమే చేసే ఒక మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. "రోజూ ఇంత దూరం నడిచే బండికి బ్యాటరీ ఎందుకు నిండటం లేదో ముందు చూడాలండీ" అన్నారాయన. ఆ మాట నాకు అంతకుముందే తట్టి ఉండాల్సింది. సెల్ఫ్ మోటారుకు ఆ కొన్ని క్షణాలు పదుల ఆంపియర్ల కరెంటు కావాలి. స్పార్కుకు చాలా తక్కువ చాలు. అందుకే సగం ఖాళీ అయిన బ్యాటరీతోనూ కిక్ పనిచేస్తుంది, లోపం కనబడకుండా దాక్కుంటుంది.

బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి, మర్నాడు మీటర్ పెట్టారు. 12.7 వోల్టులు. సెల్ఫ్ నొక్కినప్పుడు 10.4కి దిగింది, ఇంజన్ చక్కగా తిరిగింది. అంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు రెండూ బాగున్నట్టే. తర్వాత ఇంజన్ నడుస్తుండగా యాక్సిలరేటర్ పెంచారు. 14 వోల్టుల దగ్గరకు పోవాల్సిన అంకె 12.4 దాటలేదు. హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే బండి కాబట్టి నడిచినంతసేపూ బ్యాటరీ కొద్దికొద్దిగా కరిగిపోతోంది.

ఇక మిగిలింది కరెంటు పుట్టించే కాయిల్, ఆ ఏసీని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయర్. కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కప్లర్ ఊడదీశారు. సముద్రపు గాలికి ఇవి పచ్చగా చిలుం పడతాయట, మాది శుభ్రంగానే ఉంది. మీటర్‌ను ఏసీకి మార్చి, ఇంజన్ నడుపుతూ రెండేసి వైర్ల మధ్య చూశారు. మూడు జతల్లోనూ దాదాపు ఒకే అంకె, వేగంతో పాటు పెరుగుతోంది. ఒక జతలో తక్కువ వచ్చినా, ఇంజన్ ఆపి చూసినప్పుడు పసుపు వైరుకూ బాడీకీ మధ్య కలయిక కనబడినా కాయిల్ కాలినట్టేనట. మాది రెండింటిలోనూ నెగ్గింది.

చివరకు రెక్టిఫయర్ విప్పి చేతిలో పెట్టుకున్నారు. మీటర్‌ను డయోడ్ గుర్తుకు తిప్పి, ఎర్ర ముల్లు పసుపు పిన్ను మీద, నల్ల ముల్లు ఎర్ర వైరు పిన్ను మీద ఉంచారు. మొదటి రెండు పసుపు పిన్నులకు 0.5 దగ్గర చూపింది. మూడోదానికి OL, అంటే కరెంటుకు దారి లేదని. ముళ్ళు తారుమారు చేసినా OL. లోపల ఆ డయోడ్ తెగిపోయింది. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన రెక్టిఫయర్ మంచిదని చెప్పలేమని, అందులోనే వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ భాగం చెడితే వోల్టేజి 15 దాటి బ్యాటరీనే ఉడికిస్తుందని కూడా ఆయన చెప్పారు.

కొత్తది బిగించి, అదే వేగంలో మళ్ళీ చూశాం. 14.2. నేను మార్పిడికి ఇచ్చేసిన పాత బ్యాటరీ బహుశా ఇంకా బతికే ఉండేది. దాన్ని ఒక్కసారి ఛార్జ్ చేయించి చూడలేదన్న బాధ మాత్రం పోలేదు.