ఫాయిల్ తీసేశాక గానీ తొక్క కరకరలాడలేదు

ఇన్నాళ్లూ ఆలుగడ్డకి ఫాయిల్ చుట్టి ఓవెన్‌లో పెట్టేదాన్ని, ఇక్కడ అమెరికాలో అందరూ అలాగే చేస్తారనుకుని, ప్రతిసారీ తొక్క తడితడిగా తోలులా వచ్చేది. నిన్న ఒకే సైజువి రెండు రస్సెట్ ఆలుగడ్డలు తీసుకుని, ఒకటి ఫాయిల్‌లో, ఒకటి ఉత్తగా పెట్టి చూశా. రెండూ కడిగి, బాగా తుడిచి (తడి ఉంటే కరకర రాదు), ఫోర్క్‌తో ఐదారు చోట్ల పొడిచి, నూనె రాసి, ఉప్పు జల్లి 400°F, అంటే దాదాపు 200°C లో నేరుగా రాక్ మీదే పెట్టా, నూనె కారితే పడడానికి కింద ఒక ట్రే.

ఒక్కోటి పావు కిలో లోపే, గంట పట్టింది. ఫాయిల్‌ది లోపల మెత్తగానే ఉంది గానీ ఆవిరి బయటికి పోయే దారి లేక తొక్క ఉడకబెట్టినట్టే ఉంది, వేడి ఎక్కువసేపు నిలవడం తప్ప ఫాయిల్ వల్ల ఒరిగిందేం లేదు. రెండోదాని తొక్క మాత్రం అప్పడంలా పెళపెళా విరిగింది! మా ఆయన ముందు తొక్కనే తినేశాడు.

150 గ్రాముల చిన్నవైతే 45 నిమిషాలకే చూడాలి, 350 గ్రాములు దాటితే గంటా పావు దాకా పడుతుంది. నేనైతే గడియారం కంటే చాకునే నమ్ముతా, మధ్యలోకి ఎక్కడా అడ్డుపడకుండా దిగాలి, గట్టిగా తగిలితే ఇంకో పది నిమిషాలు. తీసిన వెంటనే నిలువునా కోసి కాస్త నొక్కి ఆవిరి పోనివ్వాలి, ఫోటోల కోసం అలాగే వదిలేస్తే ఆ తొక్కా మెత్తబడిపోతుంది 😅