పల్ప్ ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఏబీసీ కట్టిన అనుభవం

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. కాయ నేరుగా యార్డుకు వెళ్తుంది కాబట్టి దానితో మాకు పని లేదు. మిగతాదంతా మా దగ్గరే ఉంటుంది: డ్రమ్ములు, ఎసెప్టిక్ బ్యాగులు, సిట్రిక్ యాసిడ్, కాస్టిక్ సోడా, బాయిలర్ కట్టెలు, బేరింగులు, నట్లు, బోల్టులు. అన్నీ కలిపి దాదాపు 1,100 ఐటమ్స్. ఏటా మార్చి ఆఖరున అన్నిటినీ ఒకేసారి లెక్కబెట్టేవాళ్లం. తేడా వస్తే ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో అప్పటికి ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకే ఏడాదిలో ఎంత విలువ వాడుతున్నామో చూసి ఐటమ్స్‌ను ఏ, బీ, సీగా విడగొట్టి, ఎక్కువ డబ్బు కదిలేవాటిని తరచుగా లెక్కించాలని నిర్ణయించాం.

మొదట తేల్చుకోవాల్సింది ఏ కాలపు వాడకం తీసుకోవాలన్నది. అకౌంట్స్ సార్ "చివరి మూడు నెలలు తీసుకోండి, చాలు" అన్నారు. మా ఫ్యాక్టరీకి అది కుదరదు. తోతాపురి సీజన్ మే చివర్లో మొదలై జూలై దాటేసరికి దాదాపు అయిపోతుంది. జనవరి నుంచి మార్చి వరకు మా దగ్గర నడిచేది మెషీన్ల రిపేరు. ఆ మూడు నెలలు చూస్తే పెయింటూ బేరింగులూ పైకొస్తాయి, సిట్రిక్ యాసిడ్ అడుగున పడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా తీసుకుంటే సీజన్ మొత్తం ఒకే ఏడాదిలోకి వస్తుంది. మామిడి ఒక ఏడు బాగా కాసి మరో ఏడు తగ్గుతుంది కాబట్టి అంతకు ముందు ఏడాది లెక్కను కూడా పక్కన పెట్టి చూశాను.

వాడకం అంటే కొన్నది కాదు, స్టోర్స్ నుంచి వెళ్లింది. అందులోంచి ప్రొడక్షన్ వాళ్లు వెనక్కి ఇచ్చినది తీసేయాలి. సీజన్ ముగిసేటప్పుడు విప్పని బ్యాగుల కట్టలు తిరిగొస్తాయి. వాటిని తీసేయకపోతే లెక్క ఉబ్బుతుంది. ఆ నికర వాడకాన్ని ఒక్కోదాని ధరతో గుణించి, పెద్ద విలువ పైకి వచ్చేలా సార్ట్ చేశాను.

జాబితా పైభాగం చూడగానే అనుమానం వచ్చింది. డ్రమ్ముల తర్వాత రెండో స్థానంలో తలకు పెట్టుకునే క్యాప్‌లు! ఏడాదికి 30 లక్షల రూపాయల క్యాప్‌లు ఏ ఫ్యాక్టరీ వాడుతుంది? విప్పి చూస్తే వాడకం 20,000 అని విడి లెక్కలో ఉంది, ధర మాత్రం 150 రూపాయలని వందేసి ఉన్న ప్యాకెట్‌కు ఎక్కింది. ఒక్కోటి రూపాయిన్నర. అసలు విలువ 30,000 రూపాయలు. ఇలాంటివి కంప్యూటర్ పట్టుకోదు. అందుకే పై యాభై వరుసలను స్టోర్ కీపర్ అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటిగా చదివాం. సిట్రిక్ యాసిడ్ రెండు కోడ్‌ల కింద ఉందని అప్పుడే ఆయన చెప్పారు. రెండూ కలిపితే 8,000 కిలోలు, కిలో 90 చొప్పున 7,20,000 రూపాయలు. విడివిడిగా ఉన్నప్పుడు రెండూ మధ్యలో ఎక్కడో ఉండి మా కంట పడలేదు.

ఆ తర్వాత అసలు చిక్కు డ్రమ్ములతో వచ్చింది. ఏడాదికి 10,000 డ్రమ్ములు, ఒక్కోటి 1,800 రూపాయలు, అంటే కోటీ 80 లక్షలు. స్టోర్స్ మొత్తం వాడకం రెండు కోట్ల 80 లక్షలు. పైనుంచి విలువలు కూడుకుంటూ వచ్చి మొత్తంలో 80 శాతం వరకు ఏ అని గీత గీస్తే డ్రమ్ములు, కట్టెలు, బ్యాగులు, ఈ మూడిటితోనే గీత దాటిపోతుంది. మిగిలినవన్నీ బీ, సీ కింద పడతాయి. అలా విడగొట్టి లాభం లేదు. పైగా గుజ్జు నింపిన డ్రమ్ముల సంఖ్య రోజూ ప్రొడక్షన్ రిపోర్టులో వస్తుంది, ఖాళీవాటిని దానితో రోజూ సరిచూస్తూనే ఉన్నాం. కాబట్టి డ్రమ్ములను పక్కకు తీసి, మిగతా 1,096 ఐటమ్స్‌కు, అంటే కోటి రూపాయల వాడకానికి, వేరేగా గీతలు గీశాను. F కాలమ్‌లో వార్షిక విలువ ఉంటే ఎక్సెల్‌లో G2, H2 గడుల్లో రాసింది ఇంతే:

```
=SUM($F$2:F2)/SUM($F$2:$F$1097)
=IF(G2<=0.8,"A",IF(G2<=0.95,"B","C"))
```

ఇలా 46 ఏ, 150 బీ, 900 సీ వచ్చాయి. స్టోర్ కీపర్ అన్నకు ముందు ఇది మింగుడుపడలేదు. ఆయన పంపుల మెకానికల్ సీల్స్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి రోజూ చూసుకుంటారు. ఒక్కోటి 18,000 రూపాయలు మరి. కానీ ఏడాదికి వాడేది రెండే, అంటే 36,000. గోడవారగా పేర్చిన సిట్రిక్ యాసిడ్ బస్తాల మీద దానికి ఇరవై రెట్లు కదులుతోంది. బీరువా తాళం అలాగే ఉంచుదాం, లెక్కింపు మాత్రం బస్తాల వైపు తిప్పుదాం అన్నాను. ఒప్పుకున్నారు.

ఏ నెలకోసారి, బీ మూడు నెలలకోసారి, సీ ఏడాదికోసారి. ఏడాదికి 2,052 లెక్కింపులు, 300 పనిదినాలకు పంచితే రోజుకు ఏడు. పొద్దున్నే, సరుకు తీసుకెళ్లడానికి ఆ రోజు మొదటి స్లిప్ రాకముందే లెక్కిస్తాం. లెక్కించే మనిషికి కంప్యూటర్‌లో ఎంత ఉందో చెప్పం, చెబితే అదే అంకె రాసుకొస్తాడు. తేడా ఏ లో అర శాతం, బీ లో ఒక శాతం, సీ లో ఐదు శాతం దాటితే కారణం వెతుకుతాం. సీ వాటిని స్టాక్ అయిపోవచ్చినప్పుడు లెక్కిస్తే పని సగం తగ్గుతుంది. వెయ్యి బోల్టులు లెక్కబెట్టడం కన్నా ముప్పై లెక్కబెట్టడం సులువు కదా. కట్టెల కుప్పను మాత్రం లెక్కించడం ఎవరి తరమూ కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి అంచనా వేస్తాం, దానికి అర శాతం నియమం పెట్టలేదు.

జూన్‌లో సిట్రిక్ యాసిడ్ తేడా చూపింది. కంప్యూటర్‌లో 1,850 కిలోలు, నేల మీద 1,775. సరిగ్గా మూడు బస్తాలు. పావు, అర తగ్గితే తూకంలో తేడా అనుకోవచ్చు, నిండు బస్తాల లెక్కలో తగ్గిందంటే స్లిప్ ఎక్కలేదన్న మాట. నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ నోట్‌బుక్ తెప్పిస్తే మూడు బస్తాలూ అందులో ఉన్నాయి. రాత్రి తాళం తీయించుకుని తీసుకెళ్లారు, పొద్దున స్లిప్ రాయలేదు. నెల తిరక్కముందే లెక్కించాం కాబట్టి నోట్‌బుక్‌తో పాటు తీసుకెళ్లిన మనిషి కూడా దొరికాడు. ఇప్పుడు పొద్దున షిఫ్ట్ మారేటప్పుడు ఆ నోట్‌బుక్ ముందు స్టోర్స్‌కు వస్తుంది.

విలువ ఒక్కటే చూస్తే జారిపోయేది ఇంకొకటి ఉంది. గుజ్జు నింపే మెషీన్ ఎసెప్టిక్ ఫిల్లర్‌కు వేసే ఓ-రింగ్ ఏడాదికి కొన్ని వందల రూపాయలు కూడా కాదు, సీలో అట్టడుగున ఉంటుంది. కానీ సీజన్ మధ్యలో అది లేకపోతే ఫిల్లర్ ఆగుతుంది, గుజ్జు వెనక నిలిచిపోతుంది, బయట ట్రాక్టర్లలో కాయ మగ్గిపోతుంది. మెయింటెనెన్స్ వాళ్లను "ఏది లేకపోతే లైన్ ఆగుతుంది?" అని అడిగి అలాంటివాటికి చుక్క గుర్తు పెట్టాం. వర్గం ఏదైనా సరే, మే మొదటి వారంలో ఒకసారి, తర్వాత సీజన్ అయ్యేదాకా పదిహేను రోజులకోసారి వాటిని లెక్కిస్తాం.