పదిన్నరా, పదకొండున్నరా?

9 మార్చి 2026, సోమవారం

రేపు రాత్రి ఇంటర్వ్యూ. కంపెనీ అమెరికా పశ్చిమ తీరంలో ఉంది. మొత్తం గంట: మొదటి సగం కోడింగ్, రెండో సగం 'మీ అనుభవంలో ఒక సందర్భం చెప్పండి' తరహా ప్రశ్నలు.

పొద్దున లేచి క్యాలెండర్ చూసుకుంటే రాత్రి 11:30 అని ఉంది. నేనే పెట్టుకున్నాను, పోయిన మంగళవారం రిక్రూటర్ మెయిల్ రాగానే. అందులో 10వ తేదీ ఉదయం 10 గంటలు, పీఎస్‌టీ అని ఉంది. పీఎస్‌టీ అంటే ఆ తీరంలో చలికాలపు సమయం, ప్రపంచమంతా కొలతగా వాడే యూటీసీకి 8 గంటలు వెనక, మనం 5:30 ముందు. 13:30 గంటలు కలిపితే రాత్రి 11:30. ఆ రోజుకి లెక్క సరిగ్గానే ఉంది.

కానీ నిన్న ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. అక్కడ ఏటా మార్చి రెండో ఆదివారం అదే పని. నిన్నటినుంచి వాళ్ళది వేసవి సమయం, పీడీటీ, యూటీసీకి 7 గంటలే వెనక. మనకీ వాళ్ళకీ తేడా 12:30 అయింది. మరి ఆ మెయిల్‌లో పీఎస్‌టీ అన్నది అక్షరాలా పీఎస్‌టీయేనా, లేక 'మా ఊరి టైమ్' అనే అర్థంలో అలవాటుగా రాసిందా? మొదటిదైతే 11:30, రెండోదైతే 10:30. ఇంటర్వ్యూ గంటే కాబట్టి నేను 11:30కి చేరేసరికి అది పూర్తిగా అయిపోయి ఉండొచ్చు. చాలామంది ఏడాది పొడవునా పీఎస్‌టీ అనే రాస్తారు కాబట్టి 10:30 అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఊహ మీద వదలబుద్ధి కాలేదు.

ముందు నా లెక్క నేను సరిచూసుకున్నాను. మూడక్షరాల పొట్టి పేర్లు కాకుండా ఊరి పేరుతో అడిగితే, గడియారం ఎప్పుడు జరిగిందో పైథాన్‌కే తెలుస్తుంది:

```python
from datetime import datetime
from zoneinfo import ZoneInfo

t = datetime(2026, 3, 10, 10, 0,
             tzinfo=ZoneInfo("America/Los_Angeles"))
print(t.astimezone(ZoneInfo("Asia/Kolkata")))
# 2026-03-10 22:30:00+05:30
```

ఏడింటికి రిక్రూటర్‌కి చిన్న మెయిల్ పెట్టాను. 'టైమ్ ఎంత?' అని అడగలేదు. అలా అడిగితే మళ్ళీ పదింటికే అని జవాబొస్తుంది. మంగళవారం మీ ఉదయం 10, అంటే 17:00 యూటీసీ, నాకు రాత్రి 10:30, అవునా అని మూడూ ఒకే వాక్యంలో రాశాను. వాళ్ళు ఏ ఒక్కటి సరిచూసుకున్నా తేడా ఉంటే బయటపడుతుంది. నేను పంపేసరికి అక్కడ ఆదివారం సాయంత్రం 6:30. వాళ్ళ ఆఫీసు తెరిచేది మన రాత్రి 9:30కి. అప్పటిదాకా ఆగాల్సిందే.

శుక్రవారం లండన్‌వాళ్ళతో ఉన్న ఇంటర్వ్యూకి ఈ గొడవ లేదు. అక్కడ గడియారాలు జరిగేది మార్చి చివరి ఆదివారం, ఈసారి 29న. అప్పటిదాకా తేడా 5:30 గంటలే.

మధ్యాహ్నం ఇంటర్వ్యూ రెండో సగం ప్రాక్టీసుకి కూర్చున్నాను. 'మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి' అన్న ప్రశ్నకి నా దగ్గర నిజమైన కథే ఉంది. చెల్లింపుల సర్వీసులో, జవాబు రాకపోతే మళ్ళీ ప్రయత్నించే కోడ్ నేనే రాశాను. ఒక రోజు అవతలి సర్వర్ డబ్బు తీసుకుంది కానీ జవాబు ఆలస్యంగా ఇచ్చింది. నా కోడ్ అది విఫలమైందనుకుని మళ్ళీ పంపింది. కొందరికి రెండుసార్లు కోత పడింది.

దీన్ని ఫోన్లో రికార్డు చేసి విన్నాను. 4 నిమిషాల 10 సెకన్లు. అందులో రెండున్నర నిమిషాలు ఆ సిస్టమ్ ఎలా ఉండేదో చెప్పడానికే పోయాయి. వీడియో కాల్‌లో స్నేహితురాలికి వినిపిస్తే తను ఒక్కటే అడిగింది: "బాగానే ఉంది గానీ, ఇందులో నువ్వెక్కడున్నావ్?"

మళ్ళీ విన్నాను. 'ఒక పొరపాటు జరిగింది', 'టెస్టింగ్‌లో దొరకలేదు', 'తర్వాత మేం సరిచేశాం'. తెలుగులో మనం మామూలుగా మాట్లాడే తీరే ఇది. పొరపాటు 'జరుగుతుంది', పని 'అయిపోతుంది', ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. 'నేను, నేను' అనడం గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని చిన్నప్పటినుంచీ అలవాటు. నేను ఇంగ్లీషులో చెప్పేటప్పుడూ ఆ వాక్యాలే వస్తున్నాయి. అవతలివాళ్ళు రాసుకునేది మాత్రం ఈ మనిషి స్వయంగా ఏం చేసింది అన్నదే. 'మేం' అన్నంతసేపూ వాళ్ళ కాగితం మీద నా పేరు కింద ఏమీ పడదు.

కథని మళ్ళీ కట్టాను. సందర్భం మూడు వాక్యాలు. తర్వాత అంతా నేను చేసినవే: మళ్ళీ పంపడాన్ని నేను ఆపేశాను, రెండుసార్లు పడ్డవాళ్ళ జాబితా తీసే క్వెరీ నేను రాశాను, డబ్బు వెనక్కి పంపించే పని టీమ్‌ది, ప్రతి చెల్లింపుకీ దానిదే అయిన ఒక కీ ఉండి, అదే కీ రెండోసారి వస్తే సర్వర్ తిప్పికొట్టేలా నేను మార్చాను. టీమ్ చేసింది టీమ్‌దనే చెప్పాను. ఇప్పుడు 2 నిమిషాల 5 సెకన్లు. ఇదంతా విన్నాక వాళ్ళు తప్పక అడిగేది, టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదని. టెస్ట్ సర్వర్ ఎప్పుడూ ఆలస్యం చేసేది కాదు, ఆలస్యాన్ని కావాలని పుట్టించి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. నిజం అదే, అదే చెబుతాను.

నాలుగింటికి గంటన్నర పడుకున్నాను, రాత్రి భోజనం ఏడున్నరకే ముగించాను. మామూలుగా పదిన్నరకి నా బుర్ర మూసుకుపోతుంది. పొద్దున పది నిమిషాల్లో చేసే కోడింగ్ లెక్క ఆ వేళకి పాతిక నిమిషాలు పడుతోంది. అందుకే నాలుగు రోజులుగా ప్రాక్టీసు కూడా ఆ వేళకే మార్చుకున్నాను. పగలు ఎన్ని చేసినా, ఆ వేళకి ఎలా ఉంటానో పగలు తెలియదు.

9:42కి జవాబొచ్చింది. అవును, పసిఫిక్ స్థానిక సమయం, మీకు రాత్రి 10:30. క్యాలెండర్ ఆహ్వానం కూడా పంపారు. దాన్ని తెరిచి నా టైమ్‌లో ఏం చూపిస్తోందో చూసి, పాత 11:30 ఎంట్రీ చెరిపేశాను.

సరిగ్గా 10:30కి స్నేహితురాలు కాల్‌లోకొచ్చింది. మీటింగుల మొదలు, ముగింపు సమయాలిచ్చి, ఒకదాని మీద ఒకటి పడేవాటిని కలపమంది. [9, 10], [10, 11] లాంటివి, అంచులు తాకేవి, కలపాలా వద్దా అని ముందే అడిగాను. కలపమంది. మొదలు సమయాన్నిబట్టి వరస పెట్టాక ఒక్కసారి నడిస్తే చాలు అన్నదాకా బాగానే సాగింది. మధ్యలో ఆలోచిస్తూ మాట ఆపేశాను. అర నిమిషం తర్వాత తను "హలో, వినిపిస్తోందా?" అంది. ఎదురుగా కూర్చున్నప్పుడు మౌనం ఆలోచనలా కనిపిస్తుంది, వీడియోలో నెట్ ఆగిపోయినట్టుంటుంది. రెండో లెక్కలో 'అర నిమిషం ఆలోచించుకుంటాను' అని చెప్పి ఆగాను. తను కదలకుండా ఎదురుచూసింది. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి స్క్రీన్ అంచున, కెమెరా పక్కనే అంటించాను.

ఇప్పుడు 12:20. రేపు అలారం పెట్టట్లేదు, ఎప్పుడు మెలకువొస్తే అప్పుడే లేస్తాను.