ఒక్క ఎడమ చెవికే వినికిడి ఎందుకు తగ్గింది?

మాది జగిత్యాల పక్కన పల్లె. అబుదాబిలో ముసఫ్ఫా వైపు ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను, ఎక్కువగా గ్రైండింగ్, అప్పుడప్పుడు వెల్డింగ్. పొద్దున ఆరింటి నుంచి ఇనుము కోసే మోత చెవుల్లో పడుతూనే ఉంటుంది. అందుకే చెవి తగ్గిందంటే మా దగ్గర ఎవరూ ఆశ్చర్యపోరు. "గ్రైండర్ పట్టినోడికి చెవి పోక ఏం పోతది అన్నా" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. నేను కూడా ఏడాదిన్నర అలాగే అనుకున్నాను.

మొదట తెలిసింది ఫోన్‌లో. క్యాంపులో మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని ఇంటికి మాట్లాడటం నాకు అలవాటు. ఒకరోజు బిడ్డ ఏదో చెబుతోంది. గొంతు వినిపిస్తోంది, అది నా బిడ్డేనని తెలుస్తోంది, కానీ మాటలు విడిగా అందడం లేదు. గోడకు అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. సిగ్నల్ బాగాలేదేమో అనుకుని ఫోన్ కుడి చెవికి మార్చాను. "బాపూ, వింటున్నవా, పరీక్షల ఫీజు రేపే కట్టాలంట" అని ప్రతి అక్షరం స్పష్టంగా వినపడింది. మళ్లీ ఎడమకు మారిస్తే మళ్లీ గొణుగుడే. శబ్దం వినపడుతూ మాట అర్థం కాకపోవడమే అసలు గుర్తు అని చాలా నెలల తర్వాత తెలిసింది.

తర్వాత మోత మొదలైంది. ఏసీ మోటారు దూరంగా తిరుగుతున్నట్టు గుయ్‌మని సన్నటి శబ్దం, అదీ ఎడమ చెవిలోనే, రాత్రి అందరూ పడుకున్నాక ఎక్కువ. ఇక తూలడం. కళ్లు తిరిగి పడిపోవడం కాదు, గది గిర్రున తిరగడమూ కాదు. చీకట్లో బాత్రూమ్‌కు వెళ్తుంటే ఎడమకు జారుతున్నట్టు అనిపించేది, చెయ్యి తనంతట తానే గోడ పట్టుకునేది. స్నానం చేస్తూ మొహానికి సబ్బు రాసి కళ్లు మూసుకుంటే కాళ్ల కింద నేల మెత్తబడినట్టు ఉండేది. పగలు వెలుతురులో ఏమీ లేదు, మామూలుగానే నడిచేవాణ్ని. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెబితే పైకి ఎక్కే పని ఆపేస్తారని, ఓవర్‌టైం పోతుందని, వీసా రెన్యువల్‌లో ఇబ్బంది పెడతారని భయం. ఈ భయం గల్ఫ్‌లో పని చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

చివరికి నన్ను డాక్టర్ దగ్గరికి నడిపించింది యార్డులో జరిగిన ఒక సంఘటన. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ బీప్ బీప్ అంటోంది. నాకు అది కుడి వైపు నుంచి వస్తున్నట్టు వినిపించి ఎడమకు జరిగాను. బండి వచ్చింది ఎడమ నుంచే. బిహార్ తమ్ముడు ఒకడు చొక్కా పట్టి లాగాడు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు రెండు చెవులనూ పోల్చుకుని చెబుతుందట. ఒకటి మందగిస్తే వినపడేదంతా మంచి చెవి వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. బండ్లు తిరిగే చోట ఇది ఎంత ప్రమాదమో ఆ రోజు ఒంటికి తెలిసింది.

మొదట వెళ్లిన చిన్న క్లినిక్‌లో గుబిలి అని చుక్కల మందు రాసిచ్చారు. రెండోసారి వెళితే "శబ్దంలో పని, ఇయర్ ప్లగ్స్ పెట్టుకో" అని పంపారు. నాలుగు నెలలు అలా పోయాయి. తర్వాత ఒక ఆసుపత్రిలో చెవి డాక్టర్ దొరికాడు, ఈజిప్టు ఆయన, మాట తక్కువ. చెవిలోకి లైటు వేసి చూసి, గుబిలి లేదు, కర్ణభేరి బాగానే ఉంది అన్నాడు. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్మల కడ్డీని మోచేతికి తట్టి, మోగుతున్నదాన్ని నా నుదుటి మధ్యలో ఆనించి, ఎటు వినపడుతోంది అని అడిగాడు. కుడి వైపు అన్నాను. ఆయన తల ఊపాడు.

అందులో సంగతేంటో ఎవరైనా ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. ఒక చెవిని వేలితో మూసి "ఊఁ" అని అనండి, ఆ మోత మూసిన చెవిలోనే ఎక్కువ వినిపిస్తుంది. గుబిలి వల్లో, చెవి మధ్యలో నీరు చేరడం వల్లో చెవి మూసుకుంటే ఫోర్క్ శబ్దం కూడా అలాగే చెడ్డ చెవికే పోతుంది. నాకు మంచి చెవికి పోయింది. అంటే అడ్డు బయట లేదు, తేడా లోపలి చెవిలోనో, అక్కడి నుంచి మెదడుకు పోయే నరంలోనో ఉంది.

ఆ తర్వాత గాజు గదిలో కూర్చోబెట్టి, వినికిడిని గీతల్లో చూపే ఆడియోగ్రామ్ తీశారు. చేసినావిడ కేరళ అమ్మాయి, ఓపికగా హిందీలో చెప్పింది. కాగితం మీద రెండు గీతలు వచ్చాయి, గీత కిందికి దిగిన కొద్దీ వినికిడి తక్కువని లెక్క. కుడి గీత దాదాపు పైనే నడిచి 4000 హెర్ట్జ్ దగ్గర కొంచెం కిందికి దిగి మళ్లీ లేచింది. అది గ్రైండర్ చేసిన దెబ్బ, యార్డుల్లో పనిచేసే చాలామందికి ఆ గుంట కనపడుతుంది అంది. ఎడమ గీత మాత్రం 1000 దగ్గర 40 డెసిబెల్స్, 2000 దగ్గర 55, 4000 దగ్గర 65కి దిగిపోయి మళ్లీ లేవలేదు. మాటల పరీక్షలో గట్టిగా వినిపించిన పదాలను తిరిగి చెప్పమన్నారు. కుడి చెవితో 96 శాతం సరిగ్గా చెప్పాను, ఎడమతో 44. గీత చూస్తే అంత తక్కువ రాకూడదు, నరం మీద అనుమానం అక్కడే వస్తుంది అన్నాడు డాక్టర్.

అప్పుడు ఆయన అన్న మాటే నేను ఇది రాయడానికి కారణం. "మోతలో పని చేస్తే రెండు చెవులూ చెడిపోతాయి. నువ్వు రెండు చెవులతోనే కదా యార్డులో నిలబడ్డావు. ఒక్కటే ఇంత ఎందుకు తగ్గింది?" పద్నాలుగేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. రెండు చెవుల మధ్య కొద్దిపాటి తేడా చాలామందికి ఉంటుందట. ఆడియోగ్రామ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఫ్రీక్వెన్సీల్లో, అంటే 1000, 2000 లాంటి చోట్ల, తేడా 15, 20 డెసిబెల్స్ దాటి, దానికి సరైన కారణం దొరకకపోతే ఎంఆర్ఐ తీయాలంటారు. ఒకే చెవిలో మోత, తూలడం కూడా ఉంటే ఇంకా తప్పదు.

ఎందుకంటే వినికిడి నరం, బ్యాలెన్స్ నరం రెండూ కలిసి ఒక సన్నటి ఎముక గొట్టంలోంచి మెదడుకు పోతాయి. మొహాన్ని కదిలించే నరం కూడా వాటి పక్కనే ఉంటుంది. బ్యాలెన్స్ నరం పొర మీద ఒక్కోసారి చిన్న గడ్డ పెరుగుతుంది, దాన్ని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు, పాత పేరు అకౌస్టిక్ న్యూరోమా. క్యాన్సర్ కాదు. చాలా మెల్లగా పెరుగుతుంది, ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు, కొన్నైతే ఏళ్ల తరబడి పెరగనే పెరగవు. అంత మెల్లగా ఒత్తుతుంది కాబట్టే మెదడు సర్దుకుంటుంది, కళ్లూ కాళ్లూ సాయం చేస్తాయి, అందుకే నాకు గది తిరగలేదు, కళ్లు మూసినప్పుడే తూలాను. స్కాన్‌కు పంపిన నూరు మందిలో అయిదుగురికి కూడా ఈ గడ్డ కనపడదు అని ఆయనే చెప్పాడు. కానీ గడ్డ పెద్దదై మెదడు కాండాన్ని ఒత్తాక దొరికితే వైద్యం చాలా కష్టం, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆలోచించుకునే టైమ్ ఉంటుంది. వినికిడి పరీక్ష అనుమానం వరకే తీసుకెళ్తుంది, గడ్డ ఉందో లేదో స్కాన్ మాత్రమే చెబుతుంది.

ఇన్సూరెన్స్ అప్రూవల్‌కు మూడు వారాలు పట్టింది. ఈలోపు ఒకరు "సీటీ తీయించుకో, చౌక, తొందరగా అవుతుంది" అన్నారు. డాక్టర్ వద్దన్నాడు. ఆ ఎముక గొట్టంలో దాక్కున్న చిన్న గడ్డను సీటీ చూపించకపోవచ్చు, ఏమీ లేదని వస్తే నువ్వు రెండేళ్లు నిశ్చింతగా తిరుగుతావు అన్నాడు.

స్కాన్ రోజు ఒక కాగితం ఇచ్చి ప్రశ్నలు అడిగారు, అందులో "కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా" అని ఉంది. నాకు 2016లో పడింది, తీయించుకున్నాను కూడా. అవును అని రాశాను. వెంటనే ఆపి ముందు కళ్లకు ఎక్స్‌రే తీశారు. ఎంఆర్ఐ అంటే పెద్ద అయస్కాంతం, కంట్లో కనపడనంత ఇనుప ముక్క మిగిలినా అది కదిలి చూపు పోగొట్టవచ్చు. వెల్డింగ్, గ్రైండింగ్ చేసే అన్నలు, తమ్ముళ్లు ఈ ఒక్క ప్రశ్నకు తొందరలో "లేదు" అని టిక్ పెట్టకండి. ఎక్స్‌రేలో ఏమీ లేదని తేలాక లోపలికి పంపారు. తల చుట్టూ పంజరం లాంటిది పెట్టి, చెవులకు దూది, మఫ్స్ పెట్టారు. అయినా టక టక టక అని మోత. మధ్యలో చేతి నరానికి మందు ఎక్కించారు, గడ్డ ఉంటే ఆ మందుతో తెల్లగా వెలుగుతుందట. దానికి ముందే కిడ్నీల కోసం రక్తపరీక్ష చేశారు.

ఎడమ గొట్టంలో 11 మిల్లీమీటర్ల గడ్డ ఉంది. డాక్టర్ స్క్రీన్ మీద చూపించాడు. కుడి వైపు నల్లటి సందులో రెండు సన్నటి దారాల్లా నరాలు, ఎడమ వైపు అదే సందులో శనగగింజంత తెల్లటి చుక్క. దాన్ని చూస్తూ చాలాసేపు మాట రాలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "క్యాన్సర్ కాదన్నరు కదా, ముందు ఆ పైకి ఎక్కే పని మానెయ్యి" అంది.

ఇప్పటికి ఆపరేషన్ లేదు. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీస్తే అంతే ఉంది, ఇక ఏడాదికొకటి. పెరిగితే రేడియేషన్‌తో ఆపడమో, ఆపరేషన్ చేసి తీయడమో. ఆపరేషన్‌లో పక్కనే ఉన్న మొహం నరానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది కాబట్టి తొందరపడలేదు. ఏది చేసినా పోయిన వినికిడి తిరిగి రాదు, గడ్డ పెరగకపోయినా ఉన్నది ఇంకా తగ్గవచ్చు అని ముందే చెప్పారు. తూలడానికి మాత్రం ఫిజియోథెరపీ బాగా పనిచేసింది. గోడ పక్కన నిలబడి ఒక బొమ్మను చూస్తూ తలను అటూ ఇటూ తిప్పడం, పాదం ముందు పాదం పెట్టి నడవడం. రెండు నెలలు చేశాక సబ్బు రాసుకునేటప్పుడు గోడ పట్టుకోవడం తగ్గింది.

నాకు వినికిడి తగ్గింది మెల్లగా. అదే పొద్దున లేచేసరికి ఒక చెవి పూర్తిగా మూగబోతే అది వేరే కథ. అప్పుడు స్కాన్ అప్రూవల్ కోసం ఆగకూడదు, ఒకటి రెండు రోజుల్లోనే చెవి డాక్టర్‌ను కలవాలి. అలాంటివాళ్లకు స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోపు ఇస్తేనే వినికిడి వచ్చే అవకాశం ఎక్కువ.

సేఫ్టీ ఆఫీసర్‌కు కాగితాలన్నీ చూపించాను. భయపడినట్టు పంపించలేదు, స్కఫోల్డింగ్ ఎక్కే పర్మిట్ తీసేసి కింద ఫిట్టింగ్ టేబుల్ దగ్గర వేశారు. ఓవర్‌టైం తగ్గింది, నెలకు ఇంటికి పంపేది కొంచెం తగ్గింది. ఫోర్క్‌లిఫ్ట్ దారికి నా కుడి చెవి ఉండేలా టేబుల్‌కు అటు వైపు నిలబడతాను.

స్కాన్ సీడీ, రెండు ఆడియోగ్రామ్ కాగితాలు పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టెలో పెట్టాను. వచ్చే స్కాన్‌ను మొదటి స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే గడ్డ పెరిగిందో లేదో తెలుస్తుంది. ఉద్యోగం మారినా ఇన్సూరెన్స్ పోయినా ఆ సీడీ నాతోనే ఉండాలి. ఫిబ్రవరిలో సెలవు మీద ఇంటికి వెళ్తున్నాను, మూడో స్కాన్ హైదరాబాద్‌లో.