కేస్ ఇంటర్వ్యూకి మార్కులు వేయబోతే జరిగిన రభస

నిన్న ఒక అబ్బాయికి కేస్ ఇంటర్వ్యూ చేశాం, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి ఎలా ఆలోచిస్తాడో చూడటం, ప్యానెల్‌లో నేనూ మా సీనియర్ సారూ. ఇంటర్వ్యూ సాఫీగానే అయిపోయింది. గొడవంతా మార్కుల దగ్గరే.

కేస్ ఇదీ: 20 బ్రాంచీలున్న టిఫిన్ సెంటర్లకి అమ్మకాలు పెరిగినా లాభం పడిపోయింది, ఎందుకు? మా స్కోరింగ్ గైడ్‌లో ప్రతి అంశానికీ 1 నుంచి 5 దాకా మార్కులు, ఏ మార్కుకి అభ్యర్థి ఏం చేసి ఉండాలో పక్కనే రాసి ఉంటుంది. లెక్కల దగ్గర, తప్పుని తనే పట్టుకుంటే 4, మనం హింట్ ఇచ్చాక దిద్దుకుంటే 3, హింట్ ఇచ్చినా దిద్దుకోలేకపోతే 2.

బ్రాంచికి రోజుకి 400 మంది, సగటు బిల్లు 80 రూపాయలు, ఇరవై బ్రాంచీలకీ కలిపి రోజు అమ్మకం ఎంత అని అడిగాను. గబుక్కున 64 లక్షలన్నాడు. నేను నోరు మెదపలేదు. కాసేపాగి "ఒక్క బ్రాంచికి 32 వేలే కదా మేడం, ఇరవైకి 6.4 లక్షలు, సున్నా ఎక్కువ పెట్టాను" అన్నాడు. గైడ్ ప్రకారం అది 4, ఇంకో మాట లేదు.

సార్ 2 వేశారు! పైగా సమస్యని విడగొట్టడానికి 4 ఇచ్చారు. ఆ అబ్బాయి నేరుగా అద్దెలూ జీతాలూ అంటూ ఖర్చుల్లోకి దూకేశాడు, అమ్మకాల్లో కౌంటర్ ఎంత, డెలివరీ యాప్ ఎంత అని అడగనేలేదు. కేస్ కీలకమంతా అక్కడే ఉంది: యాప్ 25 శాతం కమీషన్ తీసుకుంటే 80 రూపాయల బిల్లులో 20 పోతాయి, కౌంటర్ దగ్గర తినేవాళ్లు యాప్‌కి మళ్లేకొద్దీ అమ్మకం పెరిగినా లాభం తగ్గుతుంది. గైడ్‌లో "ఆదాయం వైపు చూడకపోతే 2" అని స్పష్టంగా ఉంది. మరి 4 ఎలా? "ఎంత కాన్ఫిడెంట్‌గా మాట్లాడాడో చూశావుగా" అన్నారు. మాట తీరుకి వేరే గడి ఉంది సార్, అక్కడ వేయండి అన్నాను.

అంతే, హెచ్‌ఆర్ అమ్మాయి ముందే "నీకింకా క్లయింట్ల సంగతి తెలీదమ్మా, సున్నా తప్పితే మన పరువు పోతుంది" అని నవ్వారు. ఒళ్లు మండిపోయింది. నా నోట్స్ తీసి అతనన్న మాటలు ఉన్నవున్నట్టు చదివాను. (అంత వివరంగా రాసేవాళ్లు మా టీంలో ఇంకెవరూ లేరు, చెప్పుకుంటే తప్పేంటి.) సార్ షీట్‌లో "గుడ్", "వీక్" తప్ప ఇంకేం లేదు. దాంతో ఏ మార్కునైనా సమర్థించుకోవచ్చు.

ఎవరైనా కొత్తగా ప్యానెల్‌లో కూర్చుంటే, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే మీ మార్కులు షీట్‌లో ఎక్కించి పంపేయండి. సీనియర్ ముందు మాట్లాడితే మిగతావాళ్ల అంకెలన్నీ ఆయన చుట్టూ చేరిపోతాయి.

చివరికి రెండో రౌండ్‌లో ఇంకో ప్యానెల్‌తో కొత్త కేస్ ఇద్దామన్నారు. కారణాల గడి నింపమని సార్ షీట్‌ని హెచ్‌ఆర్ తిప్పి పంపింది, ఇంకా రాలేదట.