ఏడు నిమిషాల సింగిల్ షాట్: అతుకులు ముందే వేసుకున్నాం

మా షార్ట్ ఫిల్మ్ కథ చిన్నది. తండ్రి సంవత్సరీకం రోజు ఇల్లు అమ్మే విషయంలో అన్నదమ్ములకు మాటా మాటా పెరుగుతుంది. తమ్ముడు వీధిలోంచి పెరుగు ప్యాకెట్లతో వచ్చి, వరండా, హాలు, వంటిల్లు దాటి పెరట్లో ఉన్న అన్న దగ్గరికి వెళ్తాడు. కెమెరా అతని వెంటే. ఏడు నిమిషాలు, ఒకే షాట్. కథంతా విన్నాక మా కెమెరామన్ అడిగిన మొదటి ప్రశ్న: "కట్ ఎక్కడ పెడదాం?"

న్యాయమైన ప్రశ్నే. ఆరో నిమిషంలో ఒకరు మాట తడబడితే ముందు చేసిందంతా వృథా. 1948లో దర్శకుడు హిచ్‌కాక్ 'రోప్' సినిమాను దాదాపు ఒకే షాట్‌లా కనిపించేలా తీసినప్పుడు కెమెరాలో ఒక ఫిల్మ్ రోల్ పది నిమిషాలకు మించి నడిచేది కాదు. అందుకే కొన్నిచోట్ల నటుడి వీపు ఫ్రేమ్ నిండా వచ్చేలా చేసి అక్కడ కట్ దాచాడు. మాకు రోల్ అయిపోయే బాధ లేదు గానీ మనుషులు అలసిపోయే బాధ ఉంది.

ఇల్లు వరంగల్‌లో ఒక పాత పెంకుటిల్లు. మొదట కెమెరా లేకుండానే డైలాగులు చెప్పుకుంటూ నడిచాం. తర్వాత ఫోన్‌తో తీసి చూసుకుంటే అసలు చిక్కు బయటపడింది. వంటిల్లు ఎంత ఇరుకంటే, స్టవ్ దగ్గర వదిన నిలబడితే కెమెరా తిరగడానికి చోటే లేదు. ఆమెను తూము దగ్గరికి మార్చి, కెమెరా హాలు వైపు నుంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి పోయేలా దారి వేశాం. కెమెరా ఊరికే కదలకూడదు, ఎవరో ఒకరు కదిలితేనే కదలాలి అని నియమం పెట్టుకున్నాం. హాల్లో అక్క లేచి ఫొటోకు దండ సర్దడం స్క్రిప్టులో లేదు. తమ్ముడి ముఖం మీది నుంచి అన్నీ కనిపించేలా తిరగడానికి కెమెరాకు ఒక కారణం కావాలి కాబట్టి పుట్టిన పని అది.

ఆ తర్వాతే కెమెరా కుదుపుల్లేకుండా కదలడానికి వాడే గింబల్ చేతికెత్తుకున్నాం. ఫోన్‌తో తేలిగ్గా సాగిన నడక బరువుతో సాగదు. నాలుగో నిమిషం దాటాక ఆపరేటర్ చేతులు వణకడం ఫ్రేమ్‌లో తెలిసిపోతోంది. అందుకని హాల్లో అక్కాతమ్ముళ్ల మాటలప్పుడు కెమెరా ఒకచోట ఆగేలా చేశాం, అతను మోచేతులు ఒంటికి ఆనించుకుని కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. వెనక్కి నడిచేటప్పుడు అసిస్టెంట్ ఒకతను అతని బెల్టు పట్టుకుని గడప వచ్చినప్పుడల్లా నడుం మీద తడతాడు. బూమ్ మైకు పట్టుకునే అబ్బాయి ఎప్పుడు ఏ తలుపు వెనక దాక్కోవాలో కూడా నేల మీద టేపు మార్కులే చెప్పాలి. మార్కులు మాత్రం ఫ్రేమ్‌లో పడకూడదు, అదొక తలనొప్పి.

రెండు టేకులను కనపడకుండా కలిపే అతుకులకు మూడు చోట్లు చూసుకున్నాం. ఒకటి హాలు గుమ్మం. తమ్ముడు లోపలికి అడుగుపెడుతుండగా కెమెరా అతని వీపుకు బాగా దగ్గరైతే నల్ల చొక్కా ఫ్రేమంతా కమ్మేస్తుంది. ఎండలోంచి నీడలోకి వచ్చేది కూడా అక్కడే కాబట్టి ఎక్కువ వెలుతురు కోసం లెన్స్ ఐరిస్ తెరవడాన్నీ ఆ చీకట్లోనే కలిపేశాం. రెండోది వంటింటి తలుపు రెక్క. మూడోది పెరట్లో ఆరేసిన దుప్పటి.

చూడ్డానికి అన్నిటికన్నా అందమైనది దుప్పటే. పనికిరానిదీ అదే. హాల్లో, వంటింట్లో వెలుతురు మా చేతిలో ఉంది, పెరట్లో సూర్యుడి చేతిలో ఉంది. సాయంత్రం నాలుగున్నరకు తీసిన టేకును ఐదుకు తీసిన దానితో దుప్పటి దగ్గర కలిపితే నీడలు ఒక్కసారిగా సాగిపోతాయి. అందుకే పెరటి భాగం ముక్కలు చేయకూడదని, అతుకు వేస్తే ఇంటి లోపలే వేయాలని తేల్చుకున్నాం.

అతుకు దొరికిపోయేది ఎక్కువసార్లు బొమ్మ వల్ల కాదు, వేగం వల్ల. ముందు టేకులో చకచకా నడిచి, తర్వాతి టేకులో నెమ్మదిగా నడిస్తే మధ్యలో ఎంత చీకటి ఉన్నా కన్ను పట్టేస్తుంది. అందుకని గుమ్మానికి నాలుగు అడుగుల ముందు నుంచి నటుడు, ఆపరేటర్ ఒకే లెక్కతో నడిచేలా ఆ చిన్న ముక్కనే విడిగా రిహార్సల్ చేశాం. పెరుగు ప్యాకెట్లు ఎడమ చేతిలోనే ఉండాలి. గుమ్మం దాటేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. తలుపు రెక్క దగ్గర వదిన మిక్సీ స్విచ్ మీద చెయ్యి మాత్రం వేస్తుంది, అక్కడ అతుకు వేయాల్సి వస్తే చప్పుడు ఎడిటింగ్‌లో వేసుకోవచ్చు. రెండు టేకుల శబ్దం తేడా దాని కింద కలిసిపోతుంది.

ఇంకో జాగ్రత్త: మధ్యలో ఆగిపోతే మళ్లీ గేటు దగ్గరికి పరిగెత్తలేదు. వరండా చివర నుంచి, అంటే అతుకుకు బాగా ముందు నుంచి, కెమెరా ఆన్ చేసి నడుచుకుంటూ వచ్చేవాళ్లం. సరిగ్గా గుమ్మం దగ్గరే మొదలుపెడితే నటుడి ఒంట్లో ఆ ఊపు ఉండదు, ఎడిటర్‌కు అటూ ఇటూ జరుపుకోవడానికి ఫ్రేములూ ఉండవు.

చివరికి వాడింది గుమ్మం అతుకు ఒక్కటే. వీధి, వరండా ఒక టేకులోవి. హాల్లో అక్క "నువ్వు కూడా సంతకం పెట్టావా?" అని అడిగే దగ్గర నుంచి పెరటి దాకా ఇంకో టేకు, ఎక్కడా తెగకుండా.